చీటీ పాటలో చేతికొచ్చేదెంత?



మా అమ్మాయి పెళ్లికి డబ్బు అవసరమై నేను లక్ష రూపాయల చీటీ పాడాను. సభ్యులు 25 మంది, నెలకు 4 వేల చొప్పున 25 నెలలు. పాట 30 వేల దగ్గర నాకు ఖాయమైంది. అంటే చేతికి 70 వేలు రావాలి. జామీనులు ఇచ్చి వెళితే 65 వేలే ఇచ్చారు. "కమీషన్ 5 వేలు పట్టుకున్నాం" అన్నారు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. కమీషన్ చీటీ మొత్తం మీద 5 శాతం, అంటే 5 వేలు. అది పాట సొమ్ములోంచే పోతుంది. 30 వేలలో 5 వేలు తీసేస్తే మిగిలిన 25 వేలు 25 మందికీ తలా వెయ్యి డివిడెండు. పాడుకున్న నాకూ అందులో వాటా ఉంది. అందుకే మరుసటి వాయిదా అందరం 3 వేలే కట్టాం.

70 వేలు, 25 వేలు, 5 వేలు కలిపితే లక్ష. నాకిచ్చిన 65తో కలిపితే 95 వేలే! కమీషన్ రెండుసార్లు కోశారన్నమాట. ఈ కూడిక కాగితం మీద చూపించాక మిగతా 5 వేలు ఇచ్చారు.

2019 సవరణ చట్టం కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది. అప్పుడు ఇదే పాటకు డివిడెండు తలా 920 అవుతుంది. పాడినవారికి మాత్రం అదే 70 వేలు. కమీషన్ మీద జి.ఎస్.టి. పట్టుకుంటే రసీదులో విడిగా రాయించుకోండి. సంతకం పెట్టే ముందు ఈ మూడు అంకెలూ కూడి చూసుకోండి.