నాన్న కొన్న ధరా, నాన్న పోయిన నాటి ధరా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను వృత్తిలో రోజూ చూసే ఒక లెక్క చెబుతానని నిర్వాహకులను అడిగాను, వాళ్ళు ఒప్పుకున్నారు. నేను సివిల్ ఇంజనీర్ని. కట్టడాల పని తగ్గించుకున్న తర్వాత స్థలాలకు, ఇళ్ళకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే కథ. నాన్నగారు పోయారు, ఆస్తి అమ్మాలి, పిల్లల్లో ఒకరు ఇక్కడ ఉన్నారు, ఒకరు అమెరికాలో ఉన్నారు. మన బ్యాచీల్లో అలాంటి ఇల్లు లేని బ్యాచ్ ఉందనుకోను.

వాళ్ళు అడిగే ప్రశ్న కూడా ఒకటే. "మేము ఇది కొనలేదు కదండీ, మాకు ఊరికే వచ్చింది. మరి లాభం దేని మీద లెక్కిస్తారు?" ఈ ప్రశ్నకు భారత చట్టం ఒక జవాబు చెబుతుంది, అమెరికా చట్టం మరో జవాబు చెబుతుంది. అమెరికాలో ఉండే కొడుక్కి రెండూ వర్తిస్తాయి.

మన చట్టం చెప్పేది ఇది. వారసుడు తండ్రి స్థానంలోకి వచ్చినట్టే, కాబట్టి తండ్రి కొన్న ధరే కొడుకు కొన్న ధర. తండ్రి దగ్గర ఆస్తి ఉన్న కాలం కూడా కొడుకు ఖాతాలోనే కలుస్తుంది. దీన్ని క్యారీఓవర్ బేసిస్ అంటారు. బేసిస్ అంటే లాభం లెక్కకట్టడానికి పట్టుకునే మూల ధర. తండ్రి ధర ఆస్తితో పాటు వెంట వస్తుందన్నమాట. అమెరికా చట్టం అలా కాదు. మనిషి పోయిన రోజున ఆస్తి మార్కెట్ విలువ ఎంతో అదే వారసుడి మూల ధర అంటుంది. అప్పటిదాకా పెరిగిన లాభం లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. మూల ధర ఒక్కసారిగా మెట్టెక్కుతుంది కనుక దాన్ని స్టెప్‌డ్-అప్ బేసిస్ అంటారు. ధర పడిపోయి ఉంటే మాత్రం అదే సూత్రంతో మెట్టు దిగుతుంది కూడా. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

అంకెలతో చూద్దాం. నా దగ్గరకు వచ్చిన కేసుల్లాంటిదే ఒకటి తీసుకుని, అంకెలు గుండ్రంగా చేస్తున్నాను. ఒక ఉపాధ్యాయుడు 1985లో తన జీతంతో నలభై వేలకు ఇళ్ళ స్థలం కొన్నారు. 2023 ఆగస్టులో ఆయన పోయారు. అప్పటికి స్థలం విలువ 96 లక్షలు. వీలునామా ప్రకారం సగం అమెరికాలోని కొడుక్కి, సగం గుంటూరులోని కూతురికి వచ్చింది. 2025 జూన్‌లో ఇద్దరూ కలిసి కోటి రూపాయలకు అమ్మారు. ఒక్కొక్కరికి యాభై లక్షలు.

ముందు చెల్లెలి లెక్క. మూల ధర తండ్రి పెట్టిన నలభై వేలలో సగం, అంటే ఇరవై వేలు. అయితే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి ఆ తేదీ నాటి విలువను మూల ధరగా తీసుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. మొదట్లో వారసులు వచ్చి "పాత దస్తావేజు దొరకలేదండీ, ఏం చేయాలి" అని కంగారుపడేవాళ్ళు. నలభై ఏళ్ళనాటి ధర వెతికే బాధను ఈ తేదీ చాలావరకు తప్పిస్తుంది. కానీ స్థలానికీ ఇంటికీ ఆ 2001 విలువ రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువను మించకూడదని 2020లో నిబంధన వచ్చింది. అంతకుముందు వాల్యుయర్ల రిపోర్టుల్లో 2001 ధరలు ఆకాశంలో ఉండేవి. అందుకే ఈ కళ్ళెం. ఇందులో తప్పుపట్టడానికి నాకేమీ కనబడదు. ఇప్పుడు మొదట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆనాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్ తెచ్చుకోమని చెబుతాను, రిపోర్టు ఆ తర్వాత రాస్తాను.

ఈ స్థలానికి ఆ సర్టిఫికెట్‌లో మూడు లక్షలు ఉందనుకుందాం. చెల్లెలి వాటా లక్షన్నర. యాభై లక్షల్లో లక్షన్నర పోతే లాభం నలభై ఎనిమిదిన్నర లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 6,06,250 రూపాయలు. సెస్ కలిపితే 6,30,500. ఇక్కడ నివసించేవారు పాత పద్ధతిలో, ద్రవ్యోల్బణం సూచికతో ధర పెంచుకుని 20 శాతం లెక్క కూడా వేసి చూసుకోవచ్చు. 2024 జూలై 23కు ముందు సంపాదించిన స్థలాలకు ఆ వెసులుబాటు ఉంది. 2025-26కు సూచిక 376 కాబట్టి లక్షన్నర 5,64,000 అవుతుంది. అయినా పన్ను సెస్ కాకుండానే 8,87,200 వస్తోంది. ఈ స్థలానికి కొత్త పద్ధతే చౌక. ధర ఇంతగా పెరగని చోట పాత పద్ధతి గెలుస్తుంది. ఆమె ఇతర ఆదాయాన్ని పక్కనపెట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అన్న లెక్క. భారతదేశంలో అతనికీ అదే 6,30,500 పడుతుంది. ఇండెక్సేషన్ వెసులుబాటు మాత్రం ప్రవాసులకు లేదు. కొనేవాడు డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకుని ఇస్తాడు. రిటర్ను వేసి తేడా సర్దుకోవాలి.

అతను అమెరికాలో పన్ను నివాసి. పౌరుడైనా, గ్రీన్ కార్డైనా, వీసా మీద చాలాకాలంగా ఉంటున్నా సరే, ప్రపంచంలో ఎక్కడ వచ్చిన లాభమైనా అక్కడ చూపాలి. అక్కడ మూల ధర తండ్రి పోయిన నాటి 48 లక్షలు. ఆస్తి ఇండియాలో ఉన్నా, తండ్రి ఏనాడూ అమెరికా గడప తొక్కకపోయినా ఈ సూత్రం వర్తిస్తుంది. లెక్క డాలర్లలో వేయాలి. పోయిన రోజు డాలరు 83 రూపాయలనుకుంటే మూల ధర 57,831 డాలర్లు. అమ్మిన రోజు 86 అనుకుంటే వచ్చింది 58,140 డాలర్లు. రూపాయల్లో రెండు లక్షల లాభం ఉన్నా, డాలర్లలో 309 మాత్రమే. దాని మీద 15 శాతం అంటే 46 డాలర్లు. ఇండియాలో కట్టిన పన్ను సుమారు 7,330 డాలర్లు ఉంది కాబట్టి ఆ 46 కూడా క్రెడిట్‌లో కొట్టుకుపోతుంది. మిగిలిన క్రెడిట్‌ను వెంటనే వాడుకోలేడు. పదేళ్ళు ముందుకు తీసుకుపోవచ్చు.

అంటే చెల్లెలికీ అన్నకీ చివరికి ఒకటే భారం. ఇంతవరకు తగాదా లేదు. నన్ను ఇక్కడ నిలబెట్టింది తర్వాత లెక్క.

మన వైపు పెద్దవాళ్ళకు ఒక అలవాటుంది. "నా తర్వాత గొడవలెందుకు, బతికుండగానే పిల్లల పేర రాసేస్తాను" అని దాన సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టరు చేయిస్తారు. భారత పన్ను దృష్టిలో దీనికీ వారసత్వానికీ తేడా లేదు. రెండింటికీ తండ్రి ధరే. అమెరికాలో మాత్రం బతికుండగా ఇచ్చిన దానికి మెట్టు ఎక్కదు. అక్కడ కూడా తండ్రి కొన్న ధరే వెంట వస్తుంది. పైగా 2001 విలువ అనే వెసులుబాటు మన చట్టానిది, వాళ్ళకు అది పట్టదు. 1985లో పెట్టిన ఇరవై వేలు, అప్పటి డాలరు సుమారు 12 రూపాయల లెక్కన, 1,667 డాలర్లు. అమ్మగా వచ్చింది 58,140. లాభం దాదాపు 56,500 డాలర్లు, 15 శాతం చొప్పున పన్ను 8,470 డాలర్లు. ఇండియాలో కట్టిన 7,330 పోగా ఇంకా 1,140 కట్టాలి. ఆదాయం ఎక్కువ ఉన్నవారికి లాభం మీద మరో 3.8 శాతం కూడా పడవచ్చు. కాలిఫోర్నియాలో ఉంటే రాష్ట్ర పన్ను వేరే ఉంది, అక్కడ విదేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వరు.

ఇళ్ళ స్థలం కాబట్టి భారత పన్ను అడ్డుపడి దెబ్బ తగ్గించింది. అదే పొలమైతే? మునిసిపాలిటీ హద్దులకు చట్టం చెప్పిన దూరానికి ఆవల ఉన్న సాగుభూమి మన చట్టంలో క్యాపిటల్ అసెట్టే కాదు. అమ్మితే ఇక్కడ పన్ను సున్నా. ఇక్కడ కట్టింది సున్నా అయితే అక్కడ దొరికే క్రెడిట్ కూడా సున్నాయే. అంతే వాటా, అంతే ధర అయితే దాన దస్తావేజు ద్వారా వచ్చిన పొలం మీద 8,470 డాలర్లు పూర్తిగా జేబులోంచి పోతాయి. వీలునామా ద్వారా వచ్చి ఉంటే 46 డాలర్లు. ఆ తండ్రి అదే కొడుక్కి అదే పొలం ఇచ్చాడు, కాగితం మాత్రం వేరు. రిజిస్టరు ఆఫీసు బయట దస్తావేజు రాసేవాళ్ళకు ఈ సంగతి తెలియదు, తెలియాలనీ లేదు. అడగాల్సింది అమెరికాలో ఉన్న కొడుకు.

పెద్దవాళ్ళ భయం అబద్ధమని నేను అనడం లేదు. అన్నదమ్ముల మధ్య తగాదా ఖాయంగా కనిపిస్తుంటే పన్ను కట్టుకోవడమే నయం. లేనప్పుడు రిజిస్టరు చేసిన వీలునామా చాలు. దానికి స్టాంపు సుంకమూ ఉండదు, మనసు మారితే తిరగరాసుకోవచ్చు. ఇదంతా తండ్రి స్వార్జితానికి సూటిగా వర్తించే లెక్క. తాతలనాటి ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంటే, ఆ వాటా తండ్రి పోవడం వల్ల వచ్చింది కాదన్న వాదన వస్తుంది. అక్కడ రెండు దేశాల చట్టాలూ తెలిసినవారిని అడగాలి.

వారసుడికి ఇంత మేలు చేసే సూత్రం అమెరికాలో ఎందుకుందని ఒక జూనియర్ ఫోన్‌లో అడిగాడు. వాళ్ళు కూడా ఒకసారి మన దారిలోకి రాబోయారు. 1976లో క్యారీఓవర్ చట్టం చేశారు, 1978లో వాయిదా వేశారు, 1980లో రద్దే చేశారు. ఎప్పుడో పోయిన మనిషి ఎంతకు కొన్నాడో తేల్చడం కష్టమన్నది అప్పుడు గట్టిగా వినబడిన అభ్యంతరం. మనం ఆ చిక్కును 2001 తేదీతో తప్పించుకున్నాం, వాళ్ళు మరణ తేదీతో తప్పించుకున్నారు. వాళ్ళకు పెద్ద ఆస్తుల మీద ఎస్టేట్ పన్ను ఉంది. మన ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది.

ఇక నా వృత్తికి సంబంధించిన ముక్క. మెట్టు ఎక్కిందని ఊరికే చెబితే చాలదు, మరణ తేదీ నాటి విలువకు కాగితం కావాలి. ఆ రిపోర్టు అమ్మేటప్పుడు కాదు, కర్మకాండలు ముగిసిన కొద్ది నెలల్లోనే రాయించుకోండి. అప్పుడైతే చుట్టుపక్కల జరిగిన అమ్మకాల దస్తావేజులు చేతికి దొరుకుతాయి, స్థలం ఎలా ఉందో ఫొటోలు ఉంటాయి. పదేళ్ళ తర్వాత వచ్చి "అప్పటి ధర రాయండి" అంటే రాయగలను. కానీ పక్కన కొత్త రోడ్డు పడి, మధ్యలో రెండుసార్లు ప్రభుత్వ విలువలు పెరిగి ఉంటే దాన్ని నిలబెట్టడం కష్టం. రిపోర్టులో మరణ తేదీ, ఎంత వాటా, పోల్చిన అమ్మకాల డాక్యుమెంటు నంబర్లు, ఆ రోజు ప్రభుత్వ విలువ ఉండాలి. ఆ రోజు డాలరు మారకం రేటు పక్కన రాసి పెట్టుకోండి. వచ్చిన వాటా లక్ష డాలర్లు దాటితే అమెరికాలో ఫారం 3520 వేయాలి. పన్ను లేకపోయినా వేయకపోతే జరిమానా పెద్దది. 2026 ఏప్రిల్ నుంచి మన కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారుతున్నాయి కాబట్టి పాత నంబర్లు పట్టుకుని ఆడిటరు దగ్గరకు వెళ్ళకండి.

భోజనాల దగ్గర ఉంటాను. దస్తావేజు జిరాక్సులు తెచ్చుకున్నవాళ్ళు అక్కడికి రండి.