పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఎందుకు వద్దు?



ఆస్పిరిన్ బిళ్ల పేరు మీరందరూ విన్నదే. తలనొప్పి వస్తే పెద్దవాళ్లు వేసుకుంటారు. గుండె జబ్బు ఉన్న తాతలకు డాక్టర్లు రోజుకొక చిన్న బిళ్ల రాసిస్తారు. రక్తం గడ్డ కట్టకుండా అది కాపాడుతుంది. మరి అదే బిళ్లను జ్వరం వచ్చిన పిల్లవాడికి ఎందుకు ఇయ్యకూడదు? ఈ రోజు ఆ సంగతి తెలుసుకుందాం.

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. ఎనిమిదేళ్ల బాబుకు ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు, జ్వరం. తాత మందుల డబ్బాలో ఉన్న ఆస్పిరిన్ బిళ్లను నాయనమ్మ నీళ్లలో కరిగించి తాగించింది. మూడు రోజులు అలాగే ఇచ్చింది. జ్వరం తగ్గింది. పొక్కులు ఎండి చెక్కు కట్టాయి. తల్లి వేపాకు నీళ్లతో స్నానం చేయించింది. "గండం గడిచింది" అనుకున్నారు.

మరునాడు బాబుకు వాంతులు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. మంచినీళ్లు తాగినా కక్కేస్తున్నాడు. అజీర్తి అనుకున్నారు. దిష్టి తీశారు. సాయంత్రానికి బాబు మగతగా పడుకున్నాడు. లేపితే విసుక్కుంటున్నాడు, కేకలు వేస్తున్నాడు. ఏదేదో మాట్లాడుతున్నాడు. ఒళ్లు కాలడం లేదు. కళ్లు పచ్చగా లేవు. మరి ఇదేం జబ్బు?

దీని పేరు రై సిండ్రోమ్. ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ నగరంలో డగ్లస్ రై అనే డాక్టరు పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవాడు. ఇలాంటి జబ్బు వచ్చిన 21 మంది పిల్లల గురించి ఆయన, ఆయన తోటివాళ్లు 1963లో రాశారు. వాళ్లలో 17 మంది చనిపోయారు. ఆ డాక్టరు పేరే జబ్బుకు పెట్టారు.

ఈ జబ్బులో ఒంట్లో ఏం జరుగుతుంది? మన కాలేయం చాలా పనులు చేస్తుంది. అందులో ఒకటి, రక్తంలోని అమ్మోనియా అనే విషాన్ని విరిచేయడం. కాలేయం కణాలలో శక్తిని తయారుచేసే చిన్న చిన్న భాగాలు ఉంటాయి. అవి పొయ్యిలాంటివి. ఈ జబ్బులో ఆ పొయ్యిలు ఆరిపోతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. విరిగిపోవాల్సిన అమ్మోనియా రక్తంలో నిలిచిపోతుంది. అది మెదడుకు చేరుతుంది. మెదడు వాస్తుంది. పుర్రె గట్టిది, సాగదు. వాచిన మెదడుకు లోపల చోటు చాలదు. అందుకే వాంతులు, మగత, తిక్కమాటలు, తర్వాత ఫిట్సు, స్పృహ తప్పడం.

దీనికి ఆస్పిరిన్‌తో లింకు ఎలా తెలిసింది? జబ్బుపడ్డ పిల్లలలో చాలామందికి ముందుగా ఫ్లూ జ్వరమో, ఆటలమ్మో వచ్చింది. అప్పుడు వాళ్లు ఆస్పిరిన్ మింగారు. అమెరికాలో 1980లో ఒక్క ఏడాదే 555 మంది పిల్లలకు ఈ జబ్బు వచ్చినట్టు లెక్క తేలింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం తల్లిదండ్రులను హెచ్చరించింది. 1986 నుంచి మందు అట్టల మీద కూడా హెచ్చరిక వేయించారు. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యడం తగ్గింది. జబ్బు కూడా తగ్గింది. 1994 నుంచి 1997 దాకా ఏడాదికి ఇద్దరికి మించి ఈ జబ్బు కనిపించలేదు. బ్రిటన్ దేశంలో మొదట 12 ఏళ్లలోపు పిల్లలకు వద్దన్నారు. తర్వాత ఆ వయసును 16కు పెంచారు.

ఇక్కడ ఒక మాట. ఆస్పిరిన్ మింగిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రాదు. ఇది చాలా అరుదు. కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏ బిడ్డకు వస్తుందో ముందుగా చెప్పలేం. జ్వరం తగ్గించడానికి వేరే మందు ఉన్నప్పుడు ఈ ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? అదీ అసలు సంగతి. డెంగీ జ్వరంలో ఆస్పిరిన్ ఇస్తే రక్తస్రావం అయ్యే ముప్పు కూడా ఉంది.

ఆ వేరే మందు పారాసెటమాల్. దాన్ని బిడ్డ బరువును బట్టి ఇయ్యాలి. ఒక కిలో బరువుకు ఒక్కసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల పాపకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు అవుతుంది. సీసా మీద "5 మి.లీ.లో 125 మి.గ్రా." అని ఉంటే 5 మి.లీ. పోయాలి. "5 మి.లీ.లో 250 మి.గ్రా." అని ఉంటే 2.5 మి.లీ. చాలు. రెండు రకాల సీసాలూ అమ్ముతారు. అందుకే చదివి పోయాలి. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు ఆగితే మంచిది. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఈ మందు కూడా ఎక్కువైతే కాలేయాన్ని చెడగొడుతుంది.

ఇక రెండో వైపు వినండి. ఇది కూడా అంతే ముఖ్యం. కొందరు పిల్లలకు డాక్టర్లే ఆస్పిరిన్ రాస్తారు. అది పొరపాటు కాదు.

ఒకటి, కవాసాకి జబ్బు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. ఐదు రోజులు దాటినా జ్వరం దిగదు. కళ్లు, పెదాలు, నాలుక ఎర్రబడతాయి. చేతులు, పాదాలు వాస్తాయి. గుండెకు రక్తం తెచ్చే నాళాలు ఉబ్బి, వాటిలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో నరానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కిస్తారు. దాంతోపాటు ఆస్పిరిన్ ఇస్తారు. తర్వాత తక్కువ మోతాదులో కొన్ని వారాలు సాగిస్తారు. నాళాలు ఉబ్బే ఉంటే ఇంకా ఎక్కువకాలం ఇస్తారు.

రెండు, కీళ్లవాతపు జ్వరం. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లు వాస్తాయి. గుండె కవాటాలు చెడిపోవచ్చు. కీళ్ల వాపు, నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ వాడతారు. గుండెను కాపాడేది మాత్రం మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజక్షను. అది మానకూడదు.

మూడు, కొన్ని గుండె ఆపరేషన్లు. లోపల పెట్టిన గొట్టంలో రక్తం గడ్డ కట్టకుండా కొద్దిపాటి ఆస్పిరిన్ ఇస్తారు.

ఇలాంటి బిడ్డ తల్లి "పిల్లలకు ఆస్పిరిన్ వద్దట" అని విని బిళ్ల మానేసిందనుకోండి. రక్తం గడ్డ కట్టి గుండె ఆగిపోవచ్చు. కాబట్టి డాక్టరు రాసిన బిళ్లను సొంతంగా మానొద్దు. కానీ ఆ బిడ్డకు ఫ్లూ జ్వరమో, ఆటలమ్మో వచ్చినా, పక్కింట్లో ఆటలమ్మ ఉన్నా, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. బిళ్ల సాగించాలా, కొన్నాళ్లు మార్చాలా అన్నది ఆయన తేలుస్తాడు. ఫ్లూ టీకా, ఆటలమ్మ టీకా గురించి కూడా అడగాలి.

మరి ఆ ఎనిమిదేళ్ల బాబును ఏం చెయ్యాలి? తెల్లారేదాకా ఆగకూడదు. పసరు తాగించకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇచ్చిన మందు అట్టను కూడా పట్టుకుపోవాలి. అక్కడ రక్తంలో చక్కెర, అమ్మోనియా, కాలేయం పరీక్షలు చేస్తారు. దీనికి విరుగుడు మందు లేదు. గ్లూకోజు ఎక్కించి, మెదడు వాపు తగ్గించి, కాలేయం కోలుకునేదాకా కాపాడతారు. ఎంత ముందు చేరితే అంత ఆశ. మందు ఇవ్వని పిల్లలకు కూడా ఇలా కావచ్చు. పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలలో ఇవే గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి జ్వరం తగ్గిన బిడ్డకు ఆగని వాంతులు, మగత, తిక్కమాటలు వస్తే ఆస్పిరిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా పరుగెత్తాలి.

ఈ రాత్రి ఇంట్లో మందుల డబ్బా తెరవండి. ప్రతి అట్ట మీద మందు పేరు కూడబలుక్కుని చదవండి. పైన పెద్ద అక్షరాలలో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది. కింద చిన్న అక్షరాలలో అసలు మందు పేరు ఉంటుంది. పేరు ఇంగ్లీషులో ఉంటే బడికి వెళ్లే పిల్లలచేత చదివించండి. అక్కడ ఆస్పిరిన్ అనో, ఎసిటైల్ సాలిసిలిక్ ఆసిడ్ అనో ఉంటే రెండూ ఒకటే. ఆ అట్టను పిల్లల మందులలో కలపకుండా వేరేగా, పైన పెట్టండి.