పద్దు కలిసింది, పైసలు కలవలేదు

(మూసారాంబాగ్‌లో పొదుపు సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బస్తీలో ఉంటున్న మనలో చాలామందికి ఊళ్లో ఇంకా ఒక కాలు ఉంది. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వచ్చాం. పొద్దున మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డ ఏరే చేతులే సాయంత్రం సంఘం పుస్తకంలో సంతకం పెడతాయి. ఇక్కడ కూడబెట్టిన పొదుపులోంచి తీసిన అప్పు చాలాసార్లు ఊళ్లో కౌలు చేనుకు ఎరువుగా, కూలీగా పోతుంది. అందుకే పొదుపు సంఘం లెక్క రైతు సంఘం ముచ్చట కాదనుకోవడానికి లేదు.

ఇటీవల ఇక్కడి ఒక సంఘం వాళ్లు ఏడాది లాభం పంచుకునే ముందు పుస్తకాలు ఒకసారి చూడమని మమ్మల్ని పిలిచారు. పేరు చెప్పం. వాళ్ల అనుమతితో లెక్క మాత్రం చెబుతాం. దొంగతనం ఏమీ జరగలేదని ముందే అంటున్నాం.

అది సంఘం పెట్టిన తొలి సంవత్సరం. నెలనెలా 5వ తారీఖున సమావేశం, మనిషికి 500 రూపాయల పొదుపు. ఏప్రిల్‌లో పది మందితో మొదలైంది. అక్టోబరులో ఇద్దరు చేరారు. అప్పుకు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, మిగిలిన అసలు మీద మాత్రమే. బ్యాంకు అప్పు ఇంకా రాలేదు, దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నారు. మరుసటి ఏప్రిల్ 5న, కొత్త పొదుపు తీసుకోకముందు, ఏడాది లెక్క మూశారు.

పుస్తకం ప్రకారం పొదుపు మొత్తం 66,000. వచ్చిన వడ్డీ 7,380. ఆలస్య రుసుము, బ్యాంకు ఖాతాలో పడ్డ వడ్డీ కలిపి 150. పుస్తకాలకు, జిరాక్సులకు, బ్యాంకుకు పోయే చార్జీలకు అయిన ఖర్చు 576. అంటే లాభం 6,954. పొదుపు, లాభం కలిపితే 72,954 ఉండాలి. మరోవైపు చూస్తే సభ్యుల దగ్గర అప్పులు 59,200, బ్యాంకులో 12,900, పెట్టెలో 854. కూడితే అదే 72,954. రెండు పక్కలా పైసా తేడా లేదు.

చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేసి పంపకానికి కూర్చుంటారు. మేము నగదు పుస్తకం కూడా అడిగాం. ఏ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని వరసగా రాసే పుస్తకం అది. ఏప్రిల్ 5 పేజీలో ఒకే సభ్యురాలి పేరు మీద రెండు పద్దులు కనిపించాయి. ఆమె 11,200 కట్టినట్టు ఒకటి. ఆమెకే 11,200 కొత్త అప్పు ఇచ్చినట్టు ఇంకొకటి.

వెనక్కి తిప్పి ఆమె పేజీ చూశాం. అక్టోబరు 5న 10,000 తీసుకుంది. నెలకు 200 వడ్డీ. నవంబరు నుంచి ఒక్క నెలా కట్టలేదు, ఆరు నెలలకు 1,200 అయింది. ఊళ్లో భర్త కౌలుకు చేసిన పత్తి ఏరడానికి కూలీలకు ఆ డబ్బు పోయింది. వానకు పత్తి తడిసింది, వచ్చిన పైసలు కౌలుకే సరిపోలేదు. ఆరు నెలలు వంద రూపాయలు కట్టలేని మనిషి ఒక్క సాయంత్రం 11,200 ఎక్కడినుంచి తెచ్చింది? తేలేదు. పాత అప్పు కొట్టేసి, వడ్డీ కలిపి కొత్త అప్పు రాశారు. నోట్లు ఎవరి చేతిలోంచీ ఎవరి చేతిలోకీ పోలేదు.

లెక్కలు రాసే అమ్మాయిని అడిగితే దాచకుండా చెప్పింది. బ్యాంకు వాళ్లు పుస్తకం చూస్తారు, బాకీ నిలిచిపోయిందని కనిపిస్తే అందరి అప్పూ ఆగుతుంది, అక్క కూడా పరువు పోతుందని ఏడ్చింది, అందుకే తిరగరాశానంది. సమావేశం క్రమంగా జరుగుతుందా, పొదుపు పడుతుందా, అప్పు తిరిగి వస్తుందా అని చూసే బ్యాంకు ముందు ప్రతి సంఘానికీ ఈ భయం ఉంటుంది. 1992లో నాబార్డు ఐదు వందల సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టిననాటి నుంచీ సంఘం పుస్తకమే మనకు హామీ పత్రం. పొలం కాగితం లేని ఆడమనిషికి అది పెద్ద ఆసరా. అందులో రాసింది చూసే బ్యాంకు నమ్ముతుంది కాబట్టే దాన్ని బాగా కనబడేట్టు దిద్దాలనే ఆశ కూడా పుడుతుంది.

ఇక ఆ రెండు పద్దుల వల్ల ఏమవుతుందో చూడండి. చేతికి రాని 1,200 వచ్చిన వడ్డీ అయిపోయింది, లాభంలో చేరింది. కాబట్టే రెండు పక్కలా మొత్తాలు కలిశాయి: లాభం 1,200 పెరిగింది, అప్పులూ అంతే పెరిగాయి. ఆ 6,954 పంచితే బ్యాంకు, పెట్టె కలిపి 6,800 మిగులుతాయి. నిజంగా ఇచ్చిన అప్పులు 58,000. కలిపితే 64,800. పొదుపేమో 66,000. అంటే లాభం అని పంచినదాంట్లో 1,200 సభ్యులు దాచుకున్న సొమ్మే. ఆమె కడితే ఆ గుంత పూడుతుంది. కట్టకపోతే ఎవరైనా సంఘం నుంచి బయటికి పోయి తన పొదుపు అడిగిన రోజు తెలుస్తుంది.

అప్పు తీసుకున్న ఆమెకూ ఇది మేలు కాదు. నెలకు 200 వడ్డీ కట్టాల్సిన మనిషికి రేపటినుంచి 11,200 మీద 224 పడుతుంది. మనం వడ్డీ వ్యాపారిని తిట్టేది ఇలా వడ్డీని అసల్లో కలిపి మళ్లీ వడ్డీ గుంజుతాడనే కదా!

ఇది పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకే రోజు, ఒకే పేరు, ఒకే మొత్తం జమలోనూ ఖర్చులోనూ ఉంటే ఆగి అడగాలి. ఆ సభ్యురాలి చేతిలో ఉండే పాస్ పుస్తకం తీయించాలి. ఇక్కడ అందులో ఏప్రిల్ పద్దు రాయనేలేదు. అన్నిటికంటే తేలిక, సమావేశం అయ్యేలోపే ఆ రోజు వచ్చిన నోట్లు అందరి ముందు లెక్కపెట్టి, ఆ సంఖ్య నగదు పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం చేయడం.

ఆఫ్రికాలో నైజర్ దేశంలో 1991లో ఆడవాళ్ల పొదుపు గుంపులు మొదలయ్యాయి. అక్కడ ఏడాది చివర పంపకానికి ముందు అప్పులన్నీ నగదుగా వెనక్కి రావాలి. డబ్బు మొత్తం మధ్యలో పోసి పంచుకుంటారు. కాగితం మీద కట్టినట్టు రాసుకునే దారే ఉండదు. మన సంఘాలు ఏటేటా పొదుపు పంచుకోకుండా పెంచుకుంటూ పోతాయి, అప్పులు కూడా సంవత్సరం దాటి నడుస్తాయి. అందుకే మనకు పుస్తకం మీద కన్ను ఎక్కువ ఉండాలి.

సరిదిద్దడం ఎలా? గీకేయొద్దు, పేజీ చింపొద్దు, తెల్ల రంగు పూయొద్దు. ఆ సంఘం అదే రోజు తీర్మానం పుస్తకంలో జరిగింది రాసుకుంది. ఎర్ర సిరాతో ఆ రెండు పద్దులూ రద్దు చేసి, పక్కన అందరూ సంతకాలు పెట్టారు. ఆమె పేజీలో అసలు మళ్లీ 10,000 అయింది. పక్కన 'రావలసిన వడ్డీ' అని ఒక గడి గీసి 1,200 రాశారు. ఆ గడిలోని డబ్బు మీద వడ్డీ లేదు, అది లాభంలోకీ రాదు. చేతికి వచ్చిన రోజే ఆదాయం. ఇలా చేస్తే వచ్చిన వడ్డీ 6,180, పంచే లాభం 5,754.

అసలు తగాదా అప్పుడు మొదలైంది: ఎలా పంచాలి?

కొత్తగా చేరిన ఇద్దరు, సంఘంలో అందరూ సమానమే కదా, పన్నెండు భాగాలు చేయమన్నారు. అట్లయితే తలా 479 రూపాయల 50 పైసలు. పాతవాళ్లు ఒప్పుకోలేదు. ఒకామె, మేం 6,000 కట్టాం, వాళ్లు 3,000 కట్టారు, మాకు ఒక భాగం, వాళ్లకు సగం భాగం అంది. వినడానికి న్యాయంగానే ఉంది. అట్లయితే పాతవాళ్లకు సుమారు 523, కొత్తవాళ్లకు 261.

మేము వేరే లెక్క చెప్పాం. వడ్డీ డబ్బుకు మాత్రమే రాదు, డబ్బు ఎన్నాళ్లు పనిచేసిందో దానికి వస్తుంది. ఒక ఐదు వందలు ఒక నెల పనిచేస్తే దాన్ని ఒక వంతు అనుకుందాం. మొదటి ఏప్రిల్‌లో కట్టిన ఐదు వందలు పన్నెండు నెలలు పనిచేసింది, మేలో కట్టింది పదకొండు, అలా దిగుతూ మార్చిలో కట్టింది ఒక్క నెల. పన్నెండు నుంచి ఒకటి దాకా కూడితే 78 వంతులు. అక్టోబరులో చేరినవాళ్లది ఆరు నుంచి ఒకటి దాకా కూడితే 21. వాళ్లు కట్టిన డబ్బు సగమే అయినా, ఆ డబ్బు చేసిన పని పావు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. పది మందివి 780, ఇద్దరివి 42, మొత్తం 822 వంతులు. 5,754ను 822తో భాగిస్తే వంతుకు సరిగ్గా 7 రూపాయలు. పాత సభ్యురాలికి 546, కొత్త సభ్యురాలికి 147.

ఈ వంతుల లెక్కతో ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. ఐదు వందలకు నెలకు వడ్డీ పది రూపాయలు. పొదుపంతా ఒక్క రోజూ ఖాళీగా లేకుండా అప్పులో తిరిగితే ఏడాదికి 8,220 రావాలి. వచ్చిన వడ్డీని మళ్లీ అప్పిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. పుస్తకంలో వడ్డీ దీనికంటే బాగా ఎక్కువ ఉంటే ఎక్కడో తప్పు రాశారు, లేదా మిగిలిన అసలు మీద కాకుండా మొదటి అసలు మీదే వడ్డీ లాగుతున్నారు. ఆ రెండో తప్పు చిన్నది కాదు. 10,000 అప్పు నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీరిస్తే మిగిలిన అసలు మీద వడ్డీ 1,100 అవుతుంది, మొదటి అసలు మీద లాగితే 2,000. అందుకే లెడ్జర్‌లో 'మిగిలిన అసలు' గడి ప్రతి నెలా నింపాలి. మరి వడ్డీ 8,220 కంటే చాలా తక్కువ ఉంటే? డబ్బు ఖాళీగా పడి ఉంది, లేదా బాకీ నిలిచింది. ఈ సంఘంలో రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. అయితే తిరగరాసిన 7,380 కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. అందుకే నగదు పుస్తకం చూడక తప్పదన్నాం.

బ్యాంకు అప్పు వచ్చాక దాని లెక్క వేరే పేజీల్లో పెట్టుకోండి. బ్యాంకుకు కట్టే వడ్డీ తీసేశాక మిగిలేదే సంఘం ఆదాయం. ఆ రెండూ కలిపి రాస్తే మేము కూడా విడదీయలేం.

వంతుల పద్ధతికి కొత్తవాళ్లిద్దరూ వెంటనే సరే అనలేదు. చేరేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదన్నారు. అది నిజమే, తీర్మానం పుస్తకంలో పంపకం గురించి ఒక్క ముక్క లేదు. చివరికి ఈ ఏడాదికి వంతుల ప్రకారమే పంచి, ఇకమీద చేరేవాళ్లకు మొదటి రోజే ఆ తీర్మానం చదివి వినిపించి సంతకం తీసుకోవాలని రాసుకున్నారు. ఇద్దరిలో ఒకామె తన పాస్ పుస్తకం వెనక అట్ట మీద '21 వంతులు' అని రాయించుకుంది.

అప్పున్న ఆమె తన 546 చేతికి తీసుకోలేదు, వడ్డీ కింద జమ వేయమంది. రావలసిన వడ్డీ గడిలో 1,200 కొట్టేసి 654 రాశారు. ఆ 546 కొత్త సంవత్సరం ఆదాయంలోకి పోయింది. బ్యాంకుకు చూపించే పుస్తకంలో బాకీ ఉన్నది ఉన్నట్టే ఉంది.