బంగారంపై అప్పు: చెయ్యెత్తే ముందు ఒక మాట

(సర్వసభ్య సమావేశంలో సంఘ కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)



నగలు కుదువ పెట్టుకొని సభ్యులకు అప్పులివ్వాలన్న తీర్మానం మీ ముందున్నది. మేము దానిని కాదనడం లేదు. మన నెల్లూరు తీరపు ఊళ్ళలో రొయ్యల గుంటలో పిల్ల వదలాలన్నా, పడవకు వల కొనాలన్నా, బిడ్డ నికా జరిపించాలన్నా ఇంట్లో ముందు కదిలేది బంగారమే. ఆ నగ వడ్డీ వ్యాపారి బీరువాకు పోకుండా మన సంఘానికి వస్తే సంతోషమే. కుదువ మన ధర్మానికి కొత్తదీ కాదు. ప్రవక్త (స) వారు తమ కవచాన్ని కుదువ ఉంచి ధాన్యం తెచ్చుకొన్న సంగతి హదీసుల్లో ఉన్నది. అయితే చెయ్యెత్తే ముందు ధర సంగతి కాస్త వినండి.

"బంగారం ఎప్పుడూ పెరిగేదే కదా, భయమెందుకు?" అని మనవాళ్ళు అంటూ ఉంటారు. పదేళ్ళు దాచుకొనేవాడికి ఆ మాట చెల్లవచ్చు. ఆరు నెలలకో ఏడాదికో అప్పిచ్చేవాడికి చెల్లదు. 2013 ఏప్రిల్ 12వ తేదీ శుక్రవారం, 15వ తేదీ సోమవారం, ఈ రెండు రోజుల వ్యాపారంలోనే ప్రపంచ మార్కెట్టులో బంగారం సుమారు 13 శాతం పడిపోయింది. 2011 సెప్టెంబరులో ఔన్సు 1,900 డాలర్లు దాటిన ధర, 2015 డిసెంబరు నాటికి 1,050 దగ్గరకు దిగింది. రూపాయి కూడా బలహీనపడినందువల్ల మన దగ్గర ఆ దెబ్బ అంతగా తెలియలేదు. ఇక 2024 జూలైలో కేంద్రం దిగుమతి సుంకాన్ని 15 శాతం నుండి 6 శాతానికి తగ్గించగానే, ప్రపంచ ధరతో పని లేకుండానే మన దేశంలో ధర జారింది. అలాంటి నిర్ణయం ముందుగా మన చెవిన పడదు.

ఒక లెక్క చూద్దాం. సులువు కోసం గ్రాము పదివేలు అనుకొందాం. రాళ్ళు, లక్క తీసేసి నికరంగా మూడు సవర్ల నగ, అంటే 24 గ్రాములు. విలువ 2,40,000. దాని మీద 85 శాతం, 2,04,000 ఇచ్చామనుకోండి. ధర ఇరవై శాతం పడితే నగ విలువ 1,92,000. అప్పు తీరక అమ్మవలసి వస్తే కరిగింపు తరుగు మూడు శాతం పోయి చేతికొచ్చేది 1,86,240. సంఘానికి నష్టం 17,760. అదే నగ మీద 65 శాతం, 1,56,000 మాత్రమే ఇచ్చి ఉంటే అప్పు పూర్తిగా తీరి, ఇంకా 30,240 మిగులుతుంది. ఆ మిగులు పైసాతో సహా నగ యజమానిదే.

"బ్యాంకులు ఇస్తున్నాయి కదా, మనమెందుకు తక్కువ ఇవ్వాలి?" అని అడగవచ్చు. నిజమే, రిజర్వు బ్యాంకు 2025 జూన్ నిబంధనలు రెండున్నర లక్షల లోపు అప్పుకు 85 శాతం వరకు ఒప్పుకొంటాయి. కాని బ్యాంకుకు వడ్డీ వస్తుంది. ఒకచోట పోయింది ఇంకొకచోట పూడుతుంది. మనం తీసుకొనేది నగ భద్రపరిచే ఖర్చు మాత్రమే. అప్పుకు అయిదు వందలు అనుకొన్నా, ఆ ఒక్క నష్టం పూడాలంటే ముప్పై ఆరు అప్పుల ఖర్చు సొమ్ము కావాలి. అదేమో లాకరుకూ, గుమాస్తాకూ ముందే చెల్లిపోయి ఉంటుంది. వడ్డీ వద్దనుకొన్నాం గనుక, అప్పుకూ నగ విలువకూ నడుమ వదిలే ఆ తేడాయే మనకు రక్ష.

మరో సంగతి. ఒక గుంటలో రొయ్య చచ్చిపోతే ఒక్క సభ్యుడే ఇబ్బంది పడతాడు. ధర పడితే మన బీరువాలో ఉన్న ప్రతి నగా ఒకే రోజు పడుతుంది. అదే రోజు చేపల బుట్ట మోసే అమ్మ, కుట్టుపని చేసే తమ్ముడు తమ అమానతు సొమ్ము అడిగితే ఏమి చెప్పాలి? పొరుగింటి కోడలి గొలుసును వేలం వేయడానికి మనలో ఎవరికి నోరొస్తుంది?

అందుచేత తీర్మానానికి నాలుగు షరతులు చేర్చమని కోరుతున్నాం. నెల రోజుల సగటు ధర, నిన్నటి ధర, ఈ రెండింటిలో తక్కువదానిపై 65 శాతానికి మించి ఇవ్వరాదు. గడువు ఆరు నెలలే. కొంత చెల్లించి, నగను మళ్ళీ తూచి వెల కట్టాకే పొడిగింపు. ధర పడి అప్పు నగ విలువలో 80 శాతానికి చేరితే, అంటే మన లెక్కలో గ్రాము 8,125కు వస్తే, సభ్యునికి వెంటనే కబురు పెట్టాలి. పదిహేను రోజుల్లో కొంత కట్టడమో, ఇంకో నగ చేర్చడమో జరగాలి. చివరిది, మొత్తం బంగారు అప్పులు డిపాజిట్లలో మూడో వంతు దాటరాదు.

ఈ షరతులతో కొందరికి అడిగినంత దొరకదు. అది మాకు తెలుసు. తక్కువ ఇచ్చామన్న నిష్ఠూరం ఈ రోజు పడతాం గాని, అమానతు పోగొట్టామన్న మాట రేపు పడలేం. ఇక నిర్ణయం మీది.

ఖుదా హాఫిజ్.