ఒక పాటలో రెండు పాటలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మమ్ము ఇంటిపాటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పాటలన్నిటిని గూర్చి చెప్పుటకు మేము సంగీత విద్వాంసులము కాము. ఒక్క జోలపాటను గూర్చి, అందు మేము పడిన పొరపాటును గూర్చి మాత్రము చెప్పెదము.

మా హోసూరు ఇంటిలో అవ్వ పాడినదని అరువది యేండ్లుగా మేము నమ్మిన పాట యొకటి కలదు. అది కృష్ణుని జోకొట్టుటతో ఆరంభమగును. నందుని యిల్లు, గోవర్ధనగిరి వచ్చును. అటుపిమ్మట శ్రీరాముడు ఉయ్యాల యెక్కును, నారదాదులు స్తుతింతురు, నవరత్న మంటపము కానవచ్చును, త్యాగరాజు పేరుతో పాట ముగియును. మా పిల్లలను ఈ పాటతోనే నిద్రపుచ్చితిమి. మనుమరాలికి నేర్పితిమి. గత వార్షికోత్సవమునకు ఆ బాల దీనినే పాడబూనగా, మన తెలుగు పండితులు కడవరకు విని, “ఇది ఎవరి రచన?” అని యడిగిరి. అన్నమయ్యది అని మేము తడుముకొనకుండ చెప్పితిమి. “అట్లైన చివర త్యాగరాజస్వామి ఎట్లు వచ్చెనండీ?” అని వారు నవ్విరి.

అన్నమయ్య కాలము 1408 మొదలు 1503 వరకు. త్యాగరాజు 1767లో జన్మించి 1847లో సిద్ధి పొందెను. నడుమ రెండు వందల అరువది యేండ్లకు పైబడిన యెడము. మేము సిగ్గుపడి ఊరకుంటిమి గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు పండితులతో కూర్చుండి పాటను విప్పితిమి. మొదటి సగము “జో అచ్యుతానంద” యను జోల. దాని కడపటి చరణమున తాళ్లపాక అన్నయ్య పేరున్నది. మా పాటలో ఆ చరణమే లేదు. రెండవ సగము త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తన, “ఉయ్యాలలూగవయ్య”. ముద్ర యొక్కటి చూచినచో సగము పని తీరును. కాని అతుకు ఎచ్చట పడినదో ముద్ర చెప్పదు. అందులకు చరణముల కట్టు చూడవలెను. జోలలో చరణమునకు నాలుగు పాదములు. నాలుగింట రెండవ అక్షరము కలియును, తుది పలుకులును కలియును. చరణము తనంతట తాను ముగిసి, ఆపైన జోకొట్టు పల్లవి వచ్చును. త్యాగరాజు కీర్తనలో అట్లు గాదు. ప్రాస యున్నను పాదములు సమముగా తెగవు. చరణపు కడపటి సంబోధనము పల్లవిని పట్టుకొని దానిలోనికి ప్రవహించును. ఈ గుర్తు పట్టుకొని పాడి చూడగా, గోవర్ధనపు చరణమునకు తరువాతనే అతుకు తెలిసిపోయెను.

ఇన్నియేండ్లు ఏల తెలియలేదని మీరడుగవచ్చును. రెండును అయిదు మాత్రల నడకలో సాగును. ఖండచాపు తాళమున ఒకదాని వెనుక నొకటి పాడిన తొట్రుపాటుండదు. జోల పల్లవిలో కృష్ణుని నామములతోబాటు రామనామమును కలదు. తలుపు అచ్చటనే తెరచియున్నది. ఇంక రాగములు. జోలను నవరోజులో పాడుట వాడుక, కీర్తన నీలాంబరిలోనిది. రెండును శంకరాభరణ జన్యములే. పసిపిల్లవాని చెవికి ఇంతకంటె దగ్గరి చుట్టములు దొరకవు.

అయినను రాగమే మాకు గొప్ప ఉపకారము చేసినది. నవరోజు రాగము మంద్రస్థాయి పంచమము నుండి మధ్యస్థాయి పంచమము వరకే నడచును, పైకి పోదు. నీలాంబరి తారషడ్జమును అందుకొనును. మేము కన్నులు మూసికొని జ్ఞాపకమున్నట్లు పాడగా, రెండవ సగమున గొంతు పైకి లేచెను. అచ్చట ఆగిపోయితిమి. మా అవ్వ గొంతు బొంగురు. ఆమె పై షడ్జము పాడగా విన్నవారెవరును లేరు. మరి మా చెవిలో మ్రోగుచున్న ఆ హెచ్చుగొంతు ఎవరిది?

ఇంటిపాటలకు రాగము నిలుకడగా నుండదనియు, జోలను వేరు రాగములలో పాడువారును కలరనియు పండితులు హెచ్చరించిరి. కావున రాగమును సాక్ష్యముగా గాక, అనుమానముగా మాత్రమే తీసికొంటిమి. సాక్ష్యము కొరకు మాకంటె తొమ్మిదేండ్లు పెద్దయగు మా అక్క యొద్దకు కృష్ణగిరికి పోతిమి.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. మేము మొదట మా పాటను ఆమెకు వినిపించియుండిన, ఆమెయు దానినే తనకు జ్ఞాపకమున్నదని చెప్పియుండును. ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకములో నీళ్లలో పాలవలె కలిసిపోవును. పిదప ఏది ఎవరిదో తెలియదు. కావున పాట పేరైనను ఎత్తక, “అక్కా, తొట్టెలో బిడ్డను వేసినప్పుడు అవ్వ ఏమి పాడేది?” అని మాత్రము అడిగితిమి. ఆమె జోలను తాళ్లపాక అన్నయ్య చరణముతో సహా పాడెను. రాముడు రాలేదు. గంట సేపు ఇతర సంగతులు మాటలాడిన పిమ్మట, అత్త పెండ్లిని తలపునకు తెచ్చి, “ఊంజలు నాడు ఎవరు పాడిరి?” అంటిమి.

“అమ్మరా! ఇంకెవరు?” అని అక్క కన్నుల నీరు పెట్టుకొని, నీలాంబరి ఎత్తుకొనెను.

మా తల్లి మా ఆరవ యేట గతించినది. ఆమె రూపము మాకు పటములో చూచినదే గాని వేరు జ్ఞాపకము లేదనుకొనుచుంటిమి. అత్త పెండ్లి మా అయిదవ యేట జరిగినది. ఊంజలు పలకకు ఇనుప గొలుసులు. ఇంటి తొట్టెకును ఇనుప గొలుసులే. ఆ కిర్రుమను చప్పుడొక్కటే కావుట చేత, రెండు చోట్ల రెండు గొంతులు విన్న పాటలను మా మనస్సు ఒక్క దూలమునకు వ్రేలాడదీసినది. అమ్మ పోయిన తరువాత ప్రతి రాత్రియు మమ్ము నిద్రపుచ్చినది అవ్వయే గనుక, పాట మొత్తమును అవ్వ పేరనే వ్రాసికొంటిమి. అవ్వకు ఇచ్చినందులకు విచారము లేదు. అమ్మది అమ్మకు ఇయ్యనందులకే విచారము.

అటుపిమ్మట జ్ఞాపకములను వేరుచేయుట పాటలను వేరుచేయుటంత సులభము కాలేదు. పసుపు, మల్లెల వాసన, పెద్ద దీపపు వెలుగు ఊంజలివని తోచినవి. చీకటి, ఆముదపు వాసన, వీపుమీద పడు చేయి తొట్టెవి. పై షడ్జము వద్ద ఒక స్త్రీ తల పక్కకు వాల్చుట మాకు కనబడుచున్నది. అది నిజముగా చూచినదో, అక్క పాడునప్పుడు చూచి వెనుకకు అంటించుకొన్నదో చెప్పజాలము. అక్కయు అట్లే తల వాల్చును.

ఒక ముక్క మిగిలినది. అతుకు వద్ద మేము పాడు చిన్న పాదము అన్నమయ్యదియు గాదు, త్యాగరాజుదియు గాదు. అందు మా ముద్దుపేరున్నది. మన హోసూరు మాటలున్నవి. నడక మాత్రము అయిదు మాత్రలదే. అక్కను అడుగగా తాను ఎన్నడును వినలేదనెను. అవ్వ కల్పించినదో, అమ్మ కల్పించినదో తేల్చుటకు సాక్షులు లేరు.

ఈ సాయంకాలము మా మనుమరాలు రెండు పాటలను వేరువేరుగా పాడును. మొదట జోల, కొంత విరామము తరువాత కీర్తన. ఆ మిగిలిన పాదము సభలో పాడవలదని దానికి చెప్పితిమి. ఇంటిలో పాడుకొనుచున్నది.